సోలార్ ఎంక్వైరీల ఫన్నెల్ చార్ట్: కొటేషన్ దగ్గరే అందరూ జారిపోతున్నారా?

మిర్యాలగూడ_సోలార్ · 6 అక్టోబర్ 2025, ఉదయం 9:40

అందరికీ నమస్తే. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే పని మాది. మిర్యాలగూడలో ఆఫీసు, నల్గొండ, దేవరకొండ వైపు కూడా చేస్తాం. ఈ ఏడాది నుంచి ఎంక్వైరీలన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాం. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ మూడు నెలలకు అది చూపిస్తున్న ఫన్నెల్ ఇది:

ఎంక్వైరీ: 240
ఫోన్‌లో మాట్లాడాం: 168
సైట్ విజిట్: 84
కొటేషన్: 78
అడ్వాన్స్: 18

ఎక్కడ పోతున్నామో చూస్తే తెలిసిపోతుంది కదా. 78 మంది చేతిలో కొటేషన్ పెడితే 18 మందే డబ్బు కట్టారు. 100కి 23 మంది. మిగతా స్టేజీల్లో ఎక్కడా ఇంత పడిపోవడం లేదు. మా పార్ట్‌నర్ రేటు ఎక్కువైందంటున్నాడు, 3 కిలోవాట్ల మీద 8,000 తగ్గిద్దామని పట్టుబడుతున్నాడు. దీపావళి ఆఫర్ అని ఇప్పటికే ఫ్లెక్సీ డిజైన్ కూడా చేయించాడు. చార్ట్ చదవడం తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · ఉదయం 10:05

ఇందులో చదవడానికి ఏముంది అన్నా. 78 నుంచి 18కి పడిందంటే రేటే. మాకు బోరు మోటార్లలో కూడా ఇదే కథ. రైతు కొటేషన్ పట్టుకొని నాలుగు షాపులు తిరుగుతాడు, 500 తక్కువ చెప్పిన దగ్గర కొంటాడు. మీ పార్ట్‌నర్ చెప్పింది కరెక్ట్. తగ్గించండి, వాల్యూమ్‌లో వస్తుంది.

---

దేవరకొండ_వాసి · ఉదయం 10:31

సార్, మాకు 3 కిలోవాట్లు పెట్టించాలని ఉంది. సబ్సిడీ 78,000 మీరు బిల్లులోనే తగ్గిస్తారా, మేమే కట్టి తర్వాత తీసుకోవాలా?

---

మిర్యాలగూడ_సోలార్ · ఉదయం 10:44

దేవరకొండ అన్నా, మొత్తం ముందు కట్టాలి. సిస్టమ్ ఆన్ అయి, మీటర్ మారాక సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మీకు విడిగా మెసేజ్ పెడతాను, ఇక్కడ చార్ట్ సంగతి నడవనివ్వండి.

---

నల్గొండ_లెక్కలు · ఉదయం 11:20

చార్ట్ కన్నా ముందు ఒక ప్రశ్న. కొటేషన్ తీసుకొని అడ్వాన్స్ కట్టని ఆ 60 మందిలో "వద్దు" అని చెప్పినవాళ్లు ఎంతమంది? ఇంకా ఏమీ తేల్చనివాళ్లు ఎంతమంది?

మీరు 60 మందినీ పోయినవాళ్ల కిందే లెక్కేస్తున్నారు. సెప్టెంబర్ 28న కొటేషన్ తీసుకున్నాయన ఇప్పుడు బ్యాంకులో లోన్ కాగితాలు ఇస్తూ ఉండొచ్చు. చార్ట్‌లో ఆయన కూడా పోయినట్టే కనిపిస్తాడు. పట్టీల మధ్య తేడాలో పోయినవాళ్లూ, ఇంకా దారిలో ఉన్నవాళ్లూ కలిసే ఉంటారు. ఏ స్టేజీ నుంచి తర్వాతి దానికి వెళ్లడానికి ఎక్కువ రోజులు పడుతుందో, అక్కడ దారిలో ఉన్నవాళ్లు ఎక్కువ ఉంటారు. మీ పనిలో అది కొటేషన్ తర్వాతే.

సాఫ్ట్‌వేర్‌లో కొటేషన్ తేదీ, అడ్వాన్స్ తేదీ విడివిడిగా ఉంటే, కొటేషన్ ఇచ్చిన నెల ప్రకారం విడగొట్టి పెట్టండి.

---

మిర్యాలగూడ_సోలార్ · మధ్యాహ్నం 1:15

మేడం, తేదీలు ఉన్నాయి. అమ్మాయితో తీయించాను.

జూలైలో ఇచ్చిన కొటేషన్లు 30. అడ్వాన్స్ 13, వద్దన్నవాళ్లు 12, తేలనివి 5.
ఆగస్టులో 26. అడ్వాన్స్ 4, వద్దన్నవాళ్లు 8, తేలనివి 14.
సెప్టెంబర్‌లో 22. అడ్వాన్స్ 1, వద్దన్నవాళ్లు 2, తేలనివి 19.

---

నల్గొండ_లెక్కలు · మధ్యాహ్నం 1:50

ఇప్పుడు చూడండి. వద్దన్నవాళ్లు మొత్తం 22 మందే. 38 మంది ఇంకా తేలలేదు.

మూడు నెలల్లో కాస్త ముదిరింది జూలై ఒక్కటే. అందులో 30కి 13 ఇప్పటికే వచ్చాయి, అంటే 43 శాతం. తేలని ఐదుగురూ రాకపోయినా అంతే, ఐదుగురూ వస్తే 60 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. 23 శాతం అన్నది ఏ నెలకూ చెందని అంకె. ముదిరిన జూలైని, పచ్చిగా ఉన్న సెప్టెంబర్‌ని కలిపి సగటు తీస్తే వచ్చింది.

కొందరు ఇంకో పని చేస్తారు. తేలనివాటిని పక్కన పెట్టి, 18ని 40తో భాగించి 45 శాతం అంటారు. అది కూడా జాగ్రత్తగా వాడాలి. ఒప్పుకున్నవాడు డబ్బు కడతాడు కాబట్టి వెంటనే తెలుస్తుంది. ఇష్టం లేనివాడు మొహమాటానికి "చూద్దాం అన్నా" అంటాడు, నెలలు గడిచినా తేలని లెక్కలోనే ఉంటాడు. అందుకే తేలినవాటితోనే లెక్క కడితే మంచివైపే మొగ్గుతుంది.

జూలైలో వచ్చిన 13 అడ్వాన్సులకు కొటేషన్ నుంచి ఎన్ని రోజులు పట్టింది? తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పెట్టి మధ్యలో ఉన్నది చెప్పండి.

---

పాలమూరు_బండ్లు · మధ్యాహ్నం 2:10

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. జడ్చర్లలో టూవీలర్ షోరూమ్‌లో చేస్తా. మా చార్ట్ ఇంకా విచిత్రం. టెస్ట్ రైడ్ 14, ఫైనాన్స్ 31, డెలివరీ 9 అని చూపిస్తుంది. 14 మంది నుంచి 31 మంది ఎట్ల వస్తారు? మేనేజర్‌ను అడిగితే సాఫ్ట్‌వేర్ ఖరాబైందంటడు.

---

నల్గొండ_లెక్కలు · మధ్యాహ్నం 2:25

సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది తమ్ముడూ. మీది ఈ రోజు ఎవరు ఏ స్టేజీలో నిలబడి ఉన్నారో చూపిస్తోంది. మిర్యాలగూడ వాళ్లది ఎవరు ఎక్కడిదాకా వచ్చారో చూపిస్తోంది. రెండూ ఒకే ఆకారంలో గీస్తారు, అందుకే తికమక. మీ దాంట్లో ఎంతమంది జారిపోయారో తెలియదు, శాతాలు తీయొద్దు. తెలిసేది ఒక్కటే, ఫైనాన్స్ దగ్గర 31 ఫైళ్లు పేరుకున్నాయి. అవి అక్కడ ఎన్ని రోజులుగా ఉన్నాయో చూడండి. మూడు రోజులైతే మామూలే, ఇరవై రోజులైతే ఫైనాన్స్ కంపెనీ మనిషిని పట్టుకోవాలి.

---

పాలమూరు_బండ్లు · మధ్యాహ్నం 2:32

గట్లనా. సగానికి సగం పోయిన నెలవే ఉన్నయి అక్కా. రేపు లిస్టు తీస్తా.

---

మిర్యాలగూడ_సోలార్ · సాయంత్రం 4:05

వరుసగా పెడితే మధ్యలోది 34 రోజులు. 30 రోజుల లోపు కట్టినవాళ్లు ఆరుగురే. చాలామంది లోన్ మీదే పెట్టించుకుంటారు, అందుకే ఆలస్యం.

---

నల్గొండ_లెక్కలు · సాయంత్రం 4:40

34 రోజులంటే సెప్టెంబర్‌లో ఇచ్చిన కొటేషన్ల గురించి ఈ రోజు ఏం మాట్లాడినా తొందరే.

నెలల్ని పోల్చాలంటే ఒకే వయసులో పోల్చాలి. జూలై కొటేషన్లలో 30 రోజుల లోపు 30కి 6. ఆగస్టువి కూడా అందరికీ 30 రోజులు దాటాయి. వాటిలో 30 రోజుల లోపు ఎన్ని?

---

మిర్యాలగూడ_సోలార్ · సాయంత్రం 4:52

26కి 3. నాలుగోది 41వ రోజున వచ్చింది.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · సాయంత్రం 5:10

100కి 20 నుంచి 12కి పడింది. మరి నేను చెప్పిందేగా?

---

నల్గొండ_లెక్కలు · సాయంత్రం 5:30

30 మందిలో 6, 26 మందిలో 3. ఆగస్టువాళ్లలో ఇంకో ఇద్దరు 30 రోజుల లోపు కట్టి ఉంటే తేడానే లేదు. ఇంత చిన్న అంకెల మీద రేటు మార్చొద్దు. తగ్గలేదని కూడా అనను, తెలియదంతే.

నాకు అనుమానం ఇంకో చోట ఉంది. 84 విజిట్లకు 78 కొటేషన్లు, 93 శాతం. ఇల్లు చూశాక కనీసం కొన్ని చోట్ల నీడ పడుతుంది, రేకుల ఇల్లు ఉంటుంది, బిల్డింగ్ వాటాల గొడవలో ఉంటుంది. ఇంత తక్కువ మంది ఆగిపోవడం వింతగా ఉంది. ఆ 78 మందీ ఈ 84 మందిలోనివాళ్లేనా?

---

మిర్యాలగూడ_సోలార్ · రాత్రి 8:20

కాదు మేడం. 11 మందికి విజిట్ లేకుండానే కొటేషన్ ఇచ్చాం. పాత కస్టమర్ల చుట్టాలు, పక్కింటివాళ్లు. డాబా ఫొటోలు, కరెంటు బిల్లు వాట్సాప్‌లో పంపితే లెక్క కట్టి ఇచ్చేశాం. కాబట్టి విజిట్ చేసిన 84లో కొటేషన్ వెళ్లింది 67 మందికి.

ఇంకొకటి కూడా బయటపడింది. 18 అడ్వాన్సుల్లో 6 ఆ 11 మందివే.

---

నల్గొండ_లెక్కలు · రాత్రి 8:55

అంటే విజిట్ నుంచి కొటేషన్ 93 కాదు, 80 శాతం. పక్క దారిన వచ్చినవాళ్లు ఆ పట్టీని నింపేసి, 17 మంది అక్కడ ఆగిన సంగతి కనిపించనివ్వలేదు. తర్వాతి స్టేజీలో 11కి 6, మిగతావాళ్లలో 67కి 12. ఈ రెండు రకాల జనాన్ని ఒకే ఫన్నెల్‌లో పోయకండి. తెలిసినవాళ్ల మాట మీద వచ్చినవాళ్లకు ఒకటి, ఫేస్‌బుక్ ప్రకటన చూసి వచ్చినవాళ్లకు ఒకటి పెట్టండి.

ఇక వద్దన్న 22 మంది. కారణం రాసే గడి ఉందా?

---

మిర్యాలగూడ_సోలార్ · 7 అక్టోబర్, ఉదయం 10:15

గడి ఉంది. సగం ఖాళీగా ఉంటే నిన్న రాత్రి, ఈ ఉదయం ఫోన్లు చేసి నింపాం.

కరెంటు బిల్లు రావడం లేదు లేదా చాలా తక్కువ: 8
డాబా, మీటరు పేరు, వాటాల చిక్కులు: 5
రేటు ఎక్కువ: 4
వేరే చోట పెట్టించుకున్నారు: 3
ఫోన్ ఎత్తలేదు: 2

ఆ 8 మందికి గృహజ్యోతి వల్ల జీరో బిల్లు వస్తోంది. ప్రకటనలో సబ్సిడీ, ఉచిత కరెంటు అని చూసి ఇదేదో ప్రభుత్వం ఊరికే పెడుతుందనుకొని ఫోన్ చేశారు. కొటేషన్‌లో లక్షల్లో అంకె చూశాక, "మాకు బిల్లే రాదు కదా, ఎందుకు సార్" అన్నారు.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · ఉదయం 10:40

బిల్లు రాదన్నది సాకు అయి ఉండొచ్చు. మా దగ్గర కూడా రేటు ఎక్కువ అని మొహం మీద ఎవరూ అనరు. "ఇంట్లో అడిగి చెప్తా" అంటారు.

---

నల్గొండ_లెక్కలు · ఉదయం 11:05

మంచి పాయింట్. చెప్పిన కారణం, అసలు కారణం ఒకటే కావాలని లేదు. కానీ దీన్ని మాటతో పని లేకుండా సరిచూడొచ్చు. మిర్యాలగూడ గారూ, ఆ 8 మంది బిల్లు ఫొటోలు మీ దగ్గర ఉన్నాయా?

---

మిర్యాలగూడ_సోలార్ · ఉదయం 11:48

ఆరుగురివి ఉన్నాయి. ఆరూ జీరో బిల్లులే. యూనిట్లు 200 లోపు. మిగతా రెండు విజిట్‌కి వెళ్లినప్పుడు తీసుకోలేదు.

---

నల్గొండ_లెక్కలు · మధ్యాహ్నం 12:30

అయితే ఈ ఆరుగురి విషయంలో సాకు కాదు. నిజంగానే వాళ్లకు సోలార్ వల్ల ఆదా అయ్యేది ఏమీ లేదు.

వీళ్లు పడిపోయింది కొటేషన్ తర్వాత అని చార్ట్ చెబుతుంది. తప్పు జరిగింది ఫోన్ దగ్గర. "పోయిన నెల బిల్లు ఎంత వచ్చింది, ఫొటో పంపండి" అని మొదటి కాల్‌లోనే అడిగి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లు. మీ మనిషి డీజిల్ కాల్చుకొని దేవరకొండ దాకా వెళ్లేవాడు కాదు. మీటరు తండ్రి పేరు మీద ఉండి, ఆయన లేకపోతే పేరు మార్పించుకోవాలి, అది కూడా ఫోన్‌లోనే అడగొచ్చు. కొటేషన్ దగ్గర తక్కువ మంది పోవాలంటే ఫోన్ దగ్గర ఎక్కువ మంది పోవాలి. అప్పుడు ఫోన్ నుంచి విజిట్‌కు 50 శాతం ఉన్నది 35కో 40కో దిగుతుంది. చార్ట్‌లో అది కొత్త గండిలా కనబడుతుంది. మీ పార్ట్‌నర్ అది చూసి కంగారు పడకుండా ముందే చెప్పి పెట్టండి.

ఇప్పుడు రేటు. నలుగురు రేటన్నారు, ముగ్గురు వేరే చోట కొన్నారు. అందరినీ రేటు లెక్కలోనే వేద్దాం, ఏడుగురు. ఒక ఆర్డర్‌కు మీకు మిగిలేది ఎంత?

---

మిర్యాలగూడ_సోలార్ · మధ్యాహ్నం 12:41

3 కిలోవాట్లకు అటూ ఇటూ 25,000.

---

నల్గొండ_లెక్కలు · మధ్యాహ్నం 1:10

8,000 తగ్గిస్తే ఆ ఏడుగురూ వచ్చేవాళ్లే అనుకుందాం. ఒక్కొక్కరి మీద 17,000, మొత్తం 1,19,000 వచ్చేది. కానీ తగ్గించకపోయినా కట్టిన 18 మందికి కూడా తగ్గించాల్సి వచ్చేది, అది 1,44,000. ఏడుకి ఏడుగురూ వచ్చినా 25,000 నష్టమే. ఫ్లెక్సీ ప్రింటుకు ఇవ్వకముందే ఈ లెక్క పార్ట్‌నర్‌కు చూపించండి.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · మధ్యాహ్నం 1:35

లెక్క బాగానే ఉంది మేడం, కానీ 22లో 7 అంటే మూడో వంతు. చిన్నదేం కాదు. పైగా తేలని 38 మందిలో ఎందరు రేటు గురించి ఆగారో మీకూ తెలియదు. సెప్టెంబర్‌లో 22కి ఒక్కటే అడ్వాన్స్. నాకైతే జీఎస్టీ అనిపిస్తోంది. సెప్టెంబర్ 3న తగ్గిస్తామని ప్రకటించారు, 22 నుంచి అమలైంది. సోలార్ సామాను మీద 12 శాతం 5కి దిగింది. మధ్యలో మూడు వారాలు ఎవడు కొంటాడు? మాకు కూడా కౌంటర్ ఖాళీ.

---

నల్గొండ_లెక్కలు · మధ్యాహ్నం 2:05

ఇది నాకు తట్టలేదు, చాలా మంచి మాట. సిస్టమ్ మొత్తం మీద పన్ను ఎలా పడుతుంది మిర్యాలగూడ గారూ? లేబర్ వాటా కూడా ఉంటుంది కదా.

---

మిర్యాలగూడ_సోలార్ · మధ్యాహ్నం 2:30

70 శాతం సామాను కింద, 30 శాతం సర్వీసు కింద వేస్తాం. సర్వీసు మీద 18 మారలేదు. మొత్తం మీద 13.8 ఉండేది, ఇప్పుడు 8.9. పన్ను కాక 1,75,000 ఉన్న సిస్టమ్ మీద సుమారు ఎనిమిదిన్నర వేలు తగ్గింది.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · మధ్యాహ్నం 2:36

మీ పార్ట్‌నర్ తగ్గిద్దామన్న 8,000 ప్రభుత్వమే తగ్గించింది అన్నమాట! మరి పాత కొటేషన్ ఉన్నవాళ్లకు కొత్త రేటు పంపారా?

---

మిర్యాలగూడ_సోలార్ · మధ్యాహ్నం 3:20

22 తర్వాత అడిగినవాళ్లకు కొత్త రేటే ఇస్తున్నాం. అంతకుముందు ఇచ్చినవాటికి పంపలేదు. జూలై, ఆగస్టులో తేలనివాళ్లు 19 మంది, సెప్టెంబర్‌లో 22కి ముందు తీసుకున్నవాళ్లు 15 మంది. 34 మంది దగ్గర పాత పన్నుతో ఉన్న కాగితమే ఉంది. ఇవాళే మొదలుపెడుతున్నాం.

---

పాలమూరు_బండ్లు · సాయంత్రం 5:00

పెత్రమాస కూడా లెక్కల పెట్టుకోండ్రి. దానికి ముందు పదిహేను రోజులు మా దగ్గర ఎవరూ బండి తీయరు. ఈసారి పెత్రమాస 21న, జీఎస్టీ 22న, దసరా 2న. అన్నీ ఒక్కచోటనే పడ్డయి. ఏది దేనివల్లనో ఎట్ల చెప్తరు?

---

నల్గొండ_లెక్కలు · సాయంత్రం 5:25

చెప్పలేం. సెప్టెంబర్ నెలను దేనికీ సాక్ష్యంగా వాడకపోవడమే మంచిది. పండుగ వల్ల ఆగినవాళ్లూ, పన్ను కోసం ఆగినవాళ్లూ ఇద్దరూ అక్టోబర్‌లోనే వస్తారు. అక్టోబర్ అంకె బాగుంటే అది కూడా మీ గొప్ప అనుకోకండి, సెప్టెంబర్‌లో ఆగినవాళ్ల వాటా అందులో ఉంటుంది. అందుకే కొటేషన్ తేదీ ప్రకారమే చూడాలి, అడ్వాన్స్ వచ్చిన నెల ప్రకారం కాదు.

ఎక్సెల్‌లోకి దించుకుంటే ఇది చాలు. D లో కొటేషన్ తేదీ, E లో అడ్వాన్స్ తేదీ, F లో మధ్య రోజులు:

```
F2:  =IF(E2="","",E2-D2)

=COUNTIFS(D:D,">="&DATE(2025,7,1),D:D,"<"&DATE(2025,8,1),F:F,"<=30")
```

రెండోది జూలై కొటేషన్లలో 30 రోజుల లోపు వచ్చినవి ఇస్తుంది. తేదీలు మార్చి ప్రతి నెలకూ తీయండి. సెప్టెంబర్‌ది మాత్రం అక్టోబర్ 30 దాకా తీయొద్దు, నెలాఖరున ఇచ్చిన కొటేషన్లకు అప్పటికి గానీ 30 రోజులు నిండవు.

---

దేవరకొండ_వాసి · సాయంత్రం 6:10

సార్, మాకు కూడా జీరో బిల్లే వస్తోంది. అయితే సోలార్ పెట్టించుకోవద్దంటారా?

---

మిర్యాలగూడ_సోలార్ · సాయంత్రం 6:18

అన్నా, అదే కొనసాగేటట్టయితే ఇప్పుడు మీకు లాభం లేదు. ఏసీ పెట్టుకొని 200 యూనిట్లు దాటే ఆలోచన ఉంటే అప్పుడు ఫోన్ చేయండి.

---

మిర్యాలగూడ_సోలార్ · 9 అక్టోబర్, సాయంత్రం 7:30

34 మందిలో 27 మందితో మాట్లాడాం. కొత్త రేటు చెప్పగానే 9 మంది బ్యాంకుకు వెళ్తామన్నారు. ఒకాయన ఈ రోజు అడ్వాన్స్ కట్టాడు, ఆగస్టు కొటేషన్. ఫ్లెక్సీ ఆపించాను. ఫోన్‌లో బిల్లు ఫొటో అడగడం నిన్నటి నుంచి మొదలైంది.

ఒకటి తేలడం లేదు. జూలైలో మిగిలిన ఐదుగురిలో ఇద్దరి నంబర్లు పని చేయడం లేదు, ముగ్గురు పండుగ తర్వాత అంటున్నారు. 60 రోజులు దాటితే పోయినట్టే రాసేయమని మా అమ్మాయి అంటోంది. రాసేయనా?

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · సాయంత్రం 7:50

అస్సలు రాయకండి. మాకు ఏడాది తర్వాత వచ్చి అదే కొటేషన్ చూపించి మోటారు తీసుకున్నవాళ్లున్నారు.

---

నల్గొండ_లెక్కలు · రాత్రి 8:30

నేనైతే 90 రోజులకు పోయినట్టు రాస్తాను. ఆ తర్వాత వస్తే కొత్త ఎంక్వైరీగా కాకుండా పాత వరుసనే మళ్లీ తెరుస్తాను. లేకపోతే తేలని లెక్క పెరుగుతూ పోయి మీ 43కీ 60కీ మధ్య దూరం ఎప్పటికీ తగ్గదు. కానీ 41వ రోజున కట్టినాయన ఉన్నప్పుడు 60 మరీ తొందర. మీ దగ్గర అడ్వాన్సుకు అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది ఎంతో చూసి, దానికి మించి పెట్టుకోండి.

---

మిర్యాలగూడ_సోలార్ · రాత్రి 8:41

71 రోజులు. ఆయన కొడుకు దుబాయ్ నుంచి డబ్బు పంపేదాకా ఆగాడు.

---

సాగర్‌రోడ్డు_మోటార్స్ · రాత్రి 8:44

అట్లాంటివాళ్లు నల్గొండ జిల్లాలో ఇంకెంతమంది ఉన్నారో. నేను మాత్రం 90కి ఒప్పుకోను.